చెవి మిషను మధ్యాహ్నానికే ఆగిపోతే బ్యాటరీ పోయినట్టేనా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. విశాఖపట్నంలో వినికిడి పరికరాలు అమ్మే ఒక దుకాణంలో సర్వీసు బల్ల దగ్గర చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ తెలిసినవాళ్లు చెవి మిషన్లు పట్టుకుని ఇంటికి వస్తూనే ఉంటారు. ఇదివరకు గుండీ బ్యాటరీ వేసుకునేవి తెచ్చేవారు, ఇప్పుడు వచ్చేవన్నీ చార్జింగువే. ఫిర్యాదు కూడా దాదాపు ఒకటే. పొద్దున పెట్టుకుంటే భోజనాల వేళకే ఆగిపోతోంది. కొన్నచోట అడిగితే బ్యాటరీ పోయింది, జత మార్చుకోండి అంటున్నారు. లక్ష రూపాయలు దాటే జతలున్న సరుకు ఇది. పోయింది బ్యాటరీయేనా కాదా అన్నది తేల్చకుండానే ఆ మాట అనేయడం మీదే నా అభ్యంతరం.

ఈ మిషన్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. కొత్తలో ఒక పూర్తి చార్జికి 20 నుంచి 24 గంటలు నడుస్తుందని కంపెనీలు చెబుతాయి. పూర్తిగా ఎక్కడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఫోన్ మాటలు, టీవీ శబ్దం నేరుగా మిషన్లోకి బ్లూటూత్ మీద వినేవారికి ఆ గంటలు తగ్గుతాయి. వినికిడి బాగా తగ్గినవారి మిషను ఎక్కువ శక్తితో పనిచేయాలి కాబట్టి వారికీ తగ్గుతాయి. ఎంత తగ్గినా లేచినప్పటి నుంచి పడుకునేదాకా రావాలి. రెండేళ్లు నిండని మిషను నాలుగైదు గంటలకే ఆగుతోందంటే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని కాదు, రాత్రి అది నిజంగా చార్జి అయిందా అన్నది.

ఒక ఉదాహరణ చెబుతాను. మా వీధిలో ఉండే రైల్వే పెన్షనరు మిషన్లను వాళ్లబ్బాయి తెచ్చాడు. "కుడి చెవిదాని బ్యాటరీ పోయిందంట మాస్టారూ, పదకొండింటికల్లా ఆగిపోతోంది. ఒక్కటి మార్చడం కుదరదు, జత కొనాలంటున్నారు" అన్నాడు. ఎడమది మాత్రం రాత్రిదాకా బాగానే వస్తోందట. ఆ ఒక్క మాట చాలు ఆలోచించడానికి. ఒకే రోజు కొన్న రెండు బ్యాటరీలు ఇంచుమించు ఒకేలా పాతబడాలి. ఒకటి బాగుండి రెండోది ఉన్నట్టుండి పడిపోయిందంటే మధ్యలో ఏదో అడ్డం వచ్చిందన్నమాట.

ఆ చార్జరులో కుడి ఎడమలు మార్చి పెట్టడానికి వీలుంది (అన్నింటిలో ఉండదు). ఆ రాత్రికి కుడిదాన్ని ఎడమ గుంటలో, ఎడమదాన్ని కుడి గుంటలో పెట్టమన్నాను. లోపం గుంటలోనే ఉంటే మర్నాడు ఎడమది ఆగాలి. మిషన్లో ఉంటే గుంట మారినా కుడిదే ఆగాలి. కుడిదే ఆగింది. చార్జరు బాగానే ఉందని తేలింది. ఇక మిషను అడుగున చార్జి ఎక్కే చోటుని భూతద్దంలో చూశాను. అక్కడ బంగారు పూత పూసిన రెండు చిన్న రేకులుంటాయి. ఎడమదానివి మెరుస్తున్నాయి. కుడిదాని మీద జిడ్డు పొర కట్టి, ఒక అంచున పచ్చగా చిలుము మొదలైంది. పెద్దాయన రోజూ తలకు కొబ్బరి నూనె రాసుకుంటారు, మధ్యాహ్నం కుడివైపే ఒత్తిగిలి పడుకుంటారు. జిడ్డూ చెమటా కలిసి ఆ వైపే దిగాయి.

మెత్తటి పొడి గుడ్డతో తుడిచాను. వదలని చోట చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి, కారకుండా పిండి, ఆ రేకుల మీద మాత్రమే రుద్దాను. మైకు రంధ్రాల వైపు తడి పోనీయకూడదు. కొన్ని కంపెనీలు తమ మిషన్లకు ఆల్కహాల్ అసలు వాడొద్దంటాయి కాబట్టి ముందు పుస్తకం చూసుకోవాలి. చార్జరు గుంటలో ఉండే స్ప్రింగు పిన్నులను ప్లగ్గు తీసేశాక పొడి దూది పుల్లతో తుడిస్తే చాలు. బ్లేడుతోనో గరుకు కాగితంతోనో గీకితే పూత ఊడిపోతుంది, ఆ తర్వాత చిలుము ఎవరూ ఆపలేరు. మర్నాడు ఆయన పొద్దున ఏడింటికి పెట్టుకుంటే రాత్రి పదింటికి తీసేటప్పటికి ఫోన్లో ఉండే మిషను యాప్‌లో చార్జి ఇంకా పాతిక శాతం చూపించింది. కొనబోయిన జత కొనలేదు.

అన్నిసార్లూ జిడ్డే కారణం కాదు. చెవి వెనక పెట్టుకుని సన్నని తీగ చెవిలోకి వెళ్లే రకంలో ఆ తీగను చార్జరులో ఎలాపడితే అలా కుక్కి మూత వేస్తే, తీగ స్ప్రింగులా తన్ని మిషనును వెంట్రుకవాసి పైకి లేపుతుంది. పెట్టగానే లైటు వెలుగుతుంది, మూత వేశాక ఆరిపోతుంది. చాలా మిషన్లు చార్జరు నుంచి విడివడగానే తమంతట తామే ఆన్ అవుతాయి. అంటే ఆ రాత్రంతా చార్జి ఎక్కకపోగా ఉన్నది కూడా పెట్టెలోనే ఖర్చవుతుంది. అలాంటప్పుడు పెట్టెలోంచి సన్నగా కూత వినిపిస్తుంది. పెట్టుకునే ఆయనకు వినపడదు, పక్కన పడుకున్న మనవడికి వినపడుతుంది. మూత వేశాక ఒక నిమిషం ఆగి తెరిచి, లైటు ఇంకా వెలుగుతోందో లేదో చూడటం మంచి అలవాటు. రెండూ ఒకేసారి తక్కువ గంటలు నడుస్తుంటే మాత్రం చార్జరుకు కరెంటు అందుతోందా అన్నది చూడాలి. టీవీ వెనక యూఎస్‌బీలో గుచ్చితే కొన్ని టీవీల్లో టీవీ కట్టేయగానే అదీ ఆగిపోతుంది. పడుకునే ముందు ఇంట్లో ఎవరో ఒకరు స్విచ్చులన్నీ కట్టేసే ఇళ్లయితే చెప్పనక్కర్లేదు.

మా తీరంలో అసలు శత్రువు తేమ. మిషను మీద ఐపీ68 అని ఉంది, నీళ్లలో పడ్డా ఏమీ కాదన్నారని చాలామంది చెబుతారు. ఆ పరీక్ష కొత్త మిషను మీద, మంచినీటిలో చేసేది. ఏళ్ల తరబడి దిగే చెమటకు, సబ్బుకు, తలనూనెకు అది హామీ కాదు. బీచ్ రోడ్డులో నడిచి వచ్చి, చెమటతో తడిసిన మిషనును అలాగే చార్జరులో పెడితే రేకుల మధ్య ఉన్న ఉప్పు తడి గుండా కరెంటు పోతుంది. చిలుము పుట్టేది అక్కడే. తీసిన వెంటనే తుడిచి, పావుగంట గాలికి ఉంచి, ఆ తర్వాతే చార్జరులో పెట్టాలి.

చార్జింగు మిషన్లతో వచ్చిన మరో చిక్కు అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. గుండీ బ్యాటరీ మిషనుకు రాత్రిపూట బ్యాటరీ తలుపు తెరిచి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టేవాళ్లం, తెల్లారేసరికి ఆరిపోయేది. చార్జింగుదానికి రాత్రంతా చార్జరులోనే పడక, ఇక ఆరేదెప్పుడు? కొన్ని చార్జర్లలో ఆరబెట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. లేనివారు వారంలో ఒకటి రెండు రాత్రులు మిషనును బటన్ నొక్కి ఆపి సిలికా జెల్ డబ్బాలో ఉంచి, తెల్లవారుజామున లేచి చార్జింగులో పెడితే కాఫీ, స్నానం, పూజ అయ్యేసరికి నిండుతుంది. వానాకాలంలో ఇంకా ఎక్కువసార్లు చేయాలి. జెల్ గింజల రంగు మారిపోయిందంటే అవి ఇక తేమ పీల్చవు, మార్చాలి. మిషనును ఎండలో ఆరబెట్టడం, దానికి హెయిర్ డ్రయ్యర్ పట్టడం రెండూ వద్దు. వేడి బ్యాటరీనే తినేస్తుంది. చాలా కంపెనీల పుస్తకాల్లో 40 డిగ్రీల పైన చార్జి చేయొద్దని ఉంటుంది. మే నెలలో కిటికీ పక్కన, ఫ్రిజ్ మీద చార్జరు పెట్టేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

చార్జి నిండుగా చూపిస్తూ శబ్దం మాత్రం నీరసంగా వస్తుంటే అది బ్యాటరీ గొడవ కాదు. మైకు రంధ్రంలో తేమ చేరి ఉంటుంది, లేదా చెవిలో ఉండే కొసన గుబిలి జాలీ మూసుకుపోయి ఉంటుంది. జాలీ మార్చితే చాలు. దీన్ని కూడా బ్యాటరీ ఖాతాలో వేసి పంపినవాళ్లను చూశాను.

మరి బ్యాటరీ నిజంగా పోదా అంటే, పోతుంది. రోజూ చార్జి చేసే బ్యాటరీకి నాలుగైదేళ్లు ఆయువనుకోవచ్చు. అది పోయే తీరు వేరు. రెండు చెవులవీ ఇంచుమించు కలిసే తగ్గుతాయి, అదీ నెలల మీద. రాత్రి పదింటిదాకా వచ్చేది ఎనిమిదింటికి, మరికొన్నాళ్లకు సాయంత్రానికి దిగుతుంది. రేకులు శుభ్రంగా ఉండి, పొద్దున యాప్‌లో నూరు శాతం చూపించి, బ్లూటూత్ ఏమీ వినకపోయినా మధ్యాహ్నానికి అయిపోతుంటే అప్పుడు నేనూ బ్యాటరీ పోయిందనే అంటాను. ఎక్కువ మిషన్లలో దాన్ని లోపలే సీలు చేస్తారు, ఇంట్లో విప్పడం కుదరదు, కంపెనీ సర్వీసుకే పోవాలి. పంపే ముందు వారం రోజులు ఎన్నింటికి పెట్టుకున్నారు, ఎన్నింటికి ఆగింది అన్నది కాగితం మీద రాసి మిషనుతో ఇవ్వండి. ఆ కాగితం ఉంటే "మేం చూసినప్పుడు బాగానే ఉంది" అని తిప్పి పంపడం అంత తేలిక కాదు.

దుకాణాలవారు చేయాల్సింది ఒకటుంది. ఇప్పుడు బిల్లు మీద మోడల్ పేరు, ధర, వారంటీ ఇన్నేళ్లని ఒక ముక్క ఉంటుంది. ఆ వారంటీలో బ్యాటరీ ఉందో లేదో, ఎన్ని గంటల కంటే తగ్గితే పాడయినట్టు లెక్కో, వారంటీ దాటాక ఒక్క చెవిదానికి బ్యాటరీ మార్పుకు ఎంతవుతుందో అదే బిల్లు మీద రాసి ఇవ్వాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కంపెనీలు తమ సరుకుల మరమ్మతు వివరాలు పెట్టే 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చి, వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలతో మొదలుపెట్టింది. ఫోన్ కన్నా ఖరీదైన చెవి మిషన్లను కూడా అందులో చేర్చి, బ్యాటరీ విడిగా మారుస్తారా, ఎంతకు మారుస్తారన్నది ప్రతి కంపెనీ చేత అక్కడ పెట్టించాలి. అది జరిగేలోపు, పరీక్షించకుండానే జత మార్చమన్న దుకాణం మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. బిల్లు, ఆ వారం రోజుల కాగితం దగ్గర పెట్టుకుని చేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హియరింగ్ ఎయిడ్ టెక్నీషియన్,
విశాఖపట్నం