అక్టోబర్ ఇన్సెంటివ్ మీద తప్పుగా కోసిన టీడీఎస్ గురించి ఫిర్యాదు

తిరుపతి,
2 డిసెంబర్ 2025

పేరోల్ మేనేజర్ గారికి, 
ప్రతి: హెచ్‌ఆర్ హెడ్ గారికి, రేణిగుంట ప్లాంట్

అయ్యా,

నేను రేణిగుంట ప్లాంట్‌లో క్వాలిటీ విభాగంలో పని చేస్తున్నాను. అక్టోబర్, నవంబర్ జీతాల్లో నా దగ్గర ఇన్కమ్ ట్యాక్స్ కింద కోసిన మొత్తం తప్పు. ఇది ఫోన్లో చెప్పి వదిలేసే విషయం కాదు, ఎందుకంటే నవంబర్‌లో కోసిన డబ్బు 7వ తేదీలోగా ప్రభుత్వానికి కట్టేస్తారు. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడం మీ చేతుల్లో ఉండదు. అందుకే లెక్కలతో సహా రాస్తున్నాను.

నా జీతం నెలకు 1,00,000. నేను కొత్త పన్ను విధానంలోనే ఉన్నాను. సెప్టెంబర్ దాకా మీ షీట్ సరిగానే ఉంది. ఏడాదికి 12,00,000, అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 11,25,000. స్లాబుల ప్రకారం 4 లక్షల దాకా ఏమీ లేదు. అక్కడి నుంచి 8 లక్షల దాకా 5 శాతం, అంటే 20,000. ఆ పైన మిగిలిన 3,25,000 మీద 10 శాతం, అంటే 32,500. మొత్తం 52,500. పన్ను వర్తించే ఆదాయం 12 లక్షలు దాటలేదు కాబట్టి సెక్షన్ 87ఏ రిబేట్‌తో అది సున్నా అయింది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక్క రూపాయి కూడా కోయలేదు, అది న్యాయమే.

అక్టోబర్ జీతంతో పాటు మా విభాగంలో అందరికీ 90,000 ఇన్సెంటివ్ వచ్చింది. ఇది ఏడాదికి ఒక్కసారి ఇచ్చేది. ఇచ్చిన లెటర్‌లోనూ అదే రాసి ఉంది. ఆ నెల నా పేస్లిప్‌లో టీడీఎస్ 23,053 అని ఉంది. కారణం తెలుసుకుందామని ట్యాక్స్ షీట్ తెరిచి చూస్తే, మార్చి దాకా రాబోయే ప్రతి నెల గడిలోనూ 1,90,000 వేసి ఉంది. అంటే ఒక్కసారి వచ్చిన ఇన్సెంటివ్‌ని మీ సాఫ్ట్‌వేర్ నెలజీతంగా లెక్క వేసి ఆరు నెలలు గుణించింది. దాంతో ఏడాది ఆదాయం 17,40,000 అయింది. స్టాండర్డ్ డిడక్షన్ పోను 16,65,000. దాని మీద పన్ను 1,33,000, 4 శాతం సెస్ కలిపి 1,38,320. దాన్ని మిగిలిన ఆరు నెలలకు పంచారు. నేను ఎప్పటికీ చూడని ఆదాయానికి నా దగ్గర పన్ను తీసుకున్నారు.

సెక్షన్ 192 కింద జీతంపై టీడీఎస్ అంటే ఆ ఏడాదికి నిజంగా వస్తుందనుకున్న మొత్తం జీతం మీద అంచనా పన్నే. ఇప్పటిదాకా ఇచ్చింది, ఇక ముందు ఖాయంగా ఇవ్వబోయే నెలజీతం, ఒక్కసారి వచ్చే మొత్తాలు విడిగా ఒక్కసారే. ఈ మూడూ కలిపితే నా ఆదాయం 12,90,000. మీరు వేసుకున్న దానికీ దీనికీ నాలుగున్నర లక్షల తేడా.

నవంబర్‌లో మీ బృందం ఆ ప్రొజెక్షన్ సరిదిద్దింది. షీట్‌లో 12,90,000 అనే వచ్చింది. కానీ అక్కడ రెండో తప్పు జరిగింది, నా దృష్టిలో ఇది మొదటి దానికన్నా పెద్దది. స్టాండర్డ్ డిడక్షన్ పోను 12,15,000. స్లాబుల ప్రకారం 12 లక్షల దాకా 60,000, పైన 15,000 మీద 15 శాతం 2,250, మొత్తం 62,250. సెస్‌తో 64,740. ఇందులోంచి అక్టోబర్‌లో కోసింది తీసేసి, మిగిలిన ఐదు నెలలకు పంచి నవంబర్‌లో 8,337 కోశారు. ‘12 లక్షలు దాటింది కాబట్టి రిబేట్ లేదు’ అని మీ బృందం మెయిల్ పెట్టింది.

రిబేట్ లేదన్నది సగం నిజమే. చట్టంలోనే దాని పక్కన మార్జినల్ రిలీఫ్ ఉంది. ఎందుకు పెట్టారో నా లెక్కలోనే కనిపిస్తుంది. సరిగ్గా 12 లక్షలు వచ్చినవాడు పన్నే కట్టడు. నాకు అతని కన్నా 15,000 ఎక్కువ వచ్చింది, దానికి నేను 64,740 కట్టాలంటే నా చేతికి అతని కన్నా 49,740 తక్కువ వస్తుంది. అలా జరగకూడదనే, 12 లక్షలు దాటిన మొత్తం ఎంతో పన్ను అంతకు మించకూడదని పెట్టారు. నాకు దాటింది 15,000. కాబట్టి పన్ను 15,000, సెస్ 600, మొత్తం 15,600. ఈ ఏడాదికి నేను కట్టాల్సింది ఇంతే. అక్టోబర్‌లోనే సరిగ్గా వేసి ఉంటే ఆరు నెలలూ నెలకు 2,600 సరిపోయేది.

ఈ రిలీఫ్ ఎంత వరకు ఉంటుందో కూడా మీ షీట్‌లో ఉండాలి. పన్ను వర్తించే ఆదాయం సుమారు 12,70,588 దాటితే స్లాబు పన్నే తక్కువ అవుతుంది, అప్పుడు రిలీఫ్ అవసరం ఉండదు. మార్చిలోగా నాకు ఇంకేదైనా మొత్తం వస్తే మళ్ళీ లెక్క వేయండి, అభ్యంతరం లేదు. కానీ రాని డబ్బుని ఊహించి ముందే కోయకండి.

ఇప్పటికి నా దగ్గర కోసింది 31,390. కట్టాల్సిన దానికన్నా 15,790 ఎక్కువ. ‘ఐటీ రిటర్న్ వేస్తే రీఫండ్ వస్తుంది కదా’ అన్నారు. వస్తుంది. కానీ అది వచ్చే ఏడాది ఫారం 16 చేతికొచ్చి, రిటర్న్ వేశాక సంగతి. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, బ్యాంకు ఈఎంఐ అంతదాకా ఆగవు. పైగా సెక్షన్ 192లోనే, ముందు నెలల్లో ఎక్కువో తక్కువో కోసిన దాన్ని అదే ఏడాదిలో తర్వాతి నెలల్లో సర్దుకునే వీలు యజమానికి ఇచ్చారు. ఆ వీలు ఉండగా ఉద్యోగిని రీఫండ్ కోసం ఎదురు చూడమనడం సరికాదు.

నా సాటి ఉద్యోగి ఒకరి విషయం కూడా ఇక్కడే చెప్పాలి, ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఆయన జీతం 90,000. ఇన్సెంటివ్ కలిపినా ఏడాదికి 11,70,000, స్టాండర్డ్ డిడక్షన్ పోను 10,95,000. అంటే పన్ను సున్నా. ఆయన దగ్గర అక్టోబర్‌లో 19,370 కోశారు. పైసా పన్ను లేని మనిషి దగ్గర అంత సొమ్ము తీసుకుని, ఒక్క మాట కూడా చెప్పలేదు. ఇన్సెంటివ్ అందుకున్న మిగతావాళ్ళ షీట్లు కూడా ఇలాగే ఉండొచ్చు. చాలామంది నికర జీతం చూసుకుంటారే గానీ ట్యాక్స్ షీట్ తెరిచి చూడరు.

నా అభ్యర్థన ఇది. నవంబర్‌లో కోసిన 8,337 ఇంకా కట్టకపోతే, 7వ తేదీలోపే నా టీడీఎస్ సున్నాగా మార్చి ఆ మొత్తం నాకు జమ చేయండి. అక్టోబర్‌లో కట్టేసిన 23,053 నా 15,600 కన్నా ఎక్కువే కాబట్టి, డిసెంబర్ నుంచి మార్చి దాకా టీడీఎస్ కోయకండి. మిగిలిన 7,453 నేను రిటర్న్‌లో తీసుకుంటాను. ఆ ఆలస్యం భరిస్తాను. అలాగే ఇన్సెంటివ్ అందుకున్న ప్రతి ఒక్కరి షీట్‌లో ఒక్కసారి వచ్చిన మొత్తం పక్కన ‘ఒకసారి’ అని గుర్తు పెట్టి, మార్జినల్ రిలీఫ్ వచ్చేవాళ్ళకి అది విడి వరుసలో చూపించండి. నాలుగో త్రైమాసికం ఫారం 24క్యూ వేసే ముందు ఏడాది మొత్తం లెక్క మరోసారి సరిచూడండి. లేకపోతే ఇవే తప్పులు ఫారం 16లోకి వచ్చేస్తాయి.

డిసెంబర్ 5 శుక్రవారంలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. నా అక్టోబర్, నవంబర్ పేస్లిప్‌లు, ట్యాక్స్ షీట్లు, ఇన్సెంటివ్ లెటర్ కాపీ జత చేశాను.

ఇట్లు,
క్వాలిటీ విభాగం ఉద్యోగి
రేణిగుంట ప్లాంట్