పెళ్ళి హాలు చూసొచ్చాను మామా

ఒరేయ్ మామా,

నిన్న సాయంత్రం ఆఫీసు అయ్యాక మీ అక్కావాళ్ళు కూతురి పెళ్ళికి బుక్ చేసిన హాలుకి వెళ్ళాను. టేపు పట్టుకుని గేటు దగ్గర్నించి బాత్రూమ్ దాకా కొలిచి వచ్చాను. ఫోన్లో చెబితే అంకెలన్నీ కలగాపులగం అవుతాయి, అందుకే ఇంత పెద్ద ఉత్తరం. తీరిగ్గా చదువు. మీ అక్కకి కూడా చదివి వినిపించు, డెకరేషన్ వాళ్ళతో మాట్లాడాల్సింది తనే కాబట్టి.

ముందుగా అసలు సంగతి: మీ అమ్మని వీల్‌చైర్‌లోనే తీసుకురావచ్చు. కాకపోతే ముందు గేటు నుంచి మాత్రం కాదు.

మేనేజరు నీకు ఫోన్లో ర్యాంప్ ఉంది, లిఫ్ట్ ఉంది, ఏ ఇబ్బందీ లేదని చెప్పాడు కదా. ఆయన అబద్ధం చెప్పలేదు, రెండూ ఉన్నాయి. 'వీల్‌చైర్ వస్తుందా అండీ' అని ఎవరిని అడిగినా 'వస్తుంది సార్, మా కుర్రాళ్ళున్నారు' అనే అంటారు. వాళ్ళ దృష్టిలో నలుగురు కలిసి ఎత్తి పైన పెట్టడం కూడా రావడమే. అందుకని నేను ఆ మాట అడగలేదు. 'కారు ఎక్కడ ఆగుతుంది? అక్కణ్ణించి అమ్మ కూర్చునే చోటు దాకా ఎన్ని మెట్లు? ఒక్క మెట్టున్నా చెప్పండి' అని అడిగాను. అప్పుడు ఆయన కాసేపు ఆలోచించి, తనే లేచి నాతో నడిచాడు.

ముందు వైపు ఐదు మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలు. అంటే ముప్ఫై అంగుళాల ఎత్తు. వీల్‌చైర్ ర్యాంప్‌కి అంగుళం ఎత్తుకి కనీసం పన్నెండంగుళాల పొడవు ఉండాలి. ఈ లెక్కన కనీసం ముప్ఫై అడుగుల ర్యాంప్ కావాలి. అక్కడున్నది తొమ్మిదడుగులు, కావాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. కూరగాయల ట్రాలీ ఎక్కించుకోవడానికి కట్టుకున్నట్టుంది. దాని మీద మనిషి కూర్చున్న కుర్చీని తోస్తే ముందు చక్రాలు లేచి కుర్చీ వెనక్కి పడిపోవచ్చు. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. పైగా పెళ్ళి రోజున దాని మీద ఎర్ర తివాచీ పరుస్తారట. గట్టిగా బిగించని తివాచీ మీద చక్రం సరిగా తిరగదు, తోసేవాడి కాలు జారుతుంది. కాబట్టి ఆ ర్యాంప్ సంగతి పూర్తిగా మర్చిపో.

దారి వెనకాల ఉంది. హాలు వెనక వీధి ముందు వీధికన్నా ఎత్తు. వంటవాళ్ళ వ్యాను సామాను దింపే చోట నేల, లోపలి నేల దాదాపు ఒకే మట్టం. మధ్యలో రెండంగుళాల గడప ఒక్కటే ఉంది. కుర్చీని వెనక్కి తిప్పి పెద్ద చక్రాలు ముందుగా దాటిస్తే చాలు. అక్కణ్ణించి వంటశాల పక్క నడవాలోంచి భోజనాల హాల్లోకి, అక్కణ్ణించి లిఫ్టు దగ్గరికి మళ్ళీ ఒక్క మెట్టు కూడా లేదు. అయితే ఆ గేటు తాళం మేనేజరు దగ్గర ఉండదు, వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. సామాను దిగడం అయిపోగానే ఆయన తాళం వేసేస్తాడు. ఆయనతో మాట్లాడి నంబరు తీసుకున్నాను, నీకు విడిగా పంపిస్తాను. ఇంకొకటి, ఆ నడవా సాయంత్రం పూట తడితడిగా ఉంటుంది. ఆరున్నరకి మీరు వచ్చే ముందు తుడిపించమని క్యాటరింగ్ ఆయనకి మీ అక్క చేత చెప్పించు. హాలు వాళ్ళకి చెబితే అది తమ పని కాదంటారు.

ఇప్పుడు లిఫ్టు. ముహూర్తం మొదటి అంతస్తులో కాబట్టి ఇదే అన్నిటికన్నా ముఖ్యం. లోపల ప్లేటు మీద ఆరుగురు, 408 కిలోలు అని ఉంది. తలుపు తీసినప్పుడు సందు ఇరవై ఏడున్నర అంగుళాలు, లోపలి లోతు ముప్ఫై తొమ్మిది. నువ్వు పంపిన కొలతల్లో కుర్చీ వెడల్పు ఇరవై ఐదున్నర. అది అమ్మ కూర్చున్నప్పుడు, చేత్తో తిప్పుకునే అటు రింగు నుంచి ఇటు రింగు దాకా కొలిచిందేనా? ఖాళీగా ఉన్నప్పుడు మడత కుర్చీ కొంచెం ముడుచుకుని ఉంటుంది, మనిషి కూర్చుంటే విచ్చుకుంటుంది. ఒకసారి సరిచూడు. అదే కొలత అయితే తలుపులోంచి పడుతుంది, అటూ ఇటూ అంగుళం చొప్పున మిగులుతుంది. అమ్మ చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకోవాలి, చక్రాల మీద ఉంచితే వేళ్ళు నలుగుతాయి.

చిక్కు లోతు దగ్గర. కుర్చీ పొడవు నలభై రెండు, లిఫ్టు లోతు ముప్ఫై తొమ్మిది. కాళ్ళు పెట్టుకునే ఫుట్‌రెస్టులతో తలుపు మూసుకోదు. మీ కుర్చీకి అవి ఊడి వచ్చేవే కదా? వాటిని తీసేస్తే ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు అంగుళాలకి వస్తుంది. అప్పుడు పడుతుంది, వెనక నువ్వో నేనో ఒక మూలగా నిలబడవచ్చు. ఎక్కించేటప్పుడు వెనక్కి లాగుతూ ఎక్కించాలి. ముందుకి తోస్తే ఫుట్‌రెస్టులు లేని కాళ్ళు కుర్చీ కిందకి మడుచుకుపోతాయి, చిన్న చక్రాలు గుమ్మం సందులో ఇరుక్కుంటాయి. వెనక్కి లాగితే కాళ్ళు మెల్లగా కూడా వస్తాయి, పైన దిగేటప్పుడు అమ్మ ముఖం బయటికే ఉంటుంది. ఈ ఊడదీయడం, తగిలించడం మీ ఇంట్లో ఒకసారి చేసి చూడండి. అక్కడ జనం మధ్య మొదటిసారి చేస్తే అమ్మ కంగారు పడుతుంది.

కరెంటు సంగతి మేనేజర్ని కాదు, ఎలక్ట్రీషియన్ని అడిగాను. జనరేటర్ మీద ఈ లిఫ్టు నడుస్తుంది, వెనక సామాను లిఫ్టు నడవదు. ఆ సామాను లిఫ్టు పెద్దదే, కుర్చీ మొత్తంగా పడుతుంది. కానీ కింద అంతా నూనె, మధ్యలో కరెంటు పోతే ఆగిపోతుంది. నేనైతే దాన్ని వాడను. ముందు లిఫ్టుకి, కరెంటు పోయినా దగ్గరి అంతస్తుకి వెళ్ళి తలుపు తెరుచుకునే బ్యాటరీ ఏర్పాటు ఉందట. నా ఎదురుగానే మెయిన్ ఆపి చూపించాడు. నిజంగానే కిందికి వచ్చి తెరుచుకుంది. అది చూశాకే నాకు టెన్షన్ తగ్గింది.

ఇక కూర్చునే చోటు. హాలు ఖాళీగా ఉన్నప్పుడు బోలెడంత చోటు కనిపిస్తుంది, దాన్ని నమ్మకు. పెళ్ళి రోజున ముందు వరుసలో సోఫాలు, వాటి ముందు వీడియో వాళ్ళ క్రేను, నేల మీద లైట్ల వైర్లు, మధ్య నడవలో పూల స్తంభాలు వస్తాయి. అందుకే డెకరేషన్ కుర్రాడిని కూడా పిలిపించి మాట్లాడాను. వేదిక రెండున్నర అడుగుల ఎత్తు, నాలుగు మెట్లు, ర్యాంప్ లేదు. అమ్మ వేదిక ఎక్కడం కుదరదు మామా, దాని గురించి ఆశ పెట్టకు. కుర్రాళ్ళు ఎత్తుతామంటారు. కొత్తవాళ్ళు కుర్చీని చేతుల దగ్గర పట్టుకుని లేపుతారు, మీ కుర్చీ చేతులు ఊడి వచ్చేవి. ఎత్తిన చోటే ఊడి వస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

బదులుగా, ఆడపెళ్ళివారి వైపు మొదటి సోఫా ఒకటి తీసేయమన్నాను. అక్కడ నాలుగడుగుల చోటు ఖాళీగా ఉంటుంది, అమ్మ తన కుర్చీలోనే కూర్చుంటుంది. సోఫాలోకి మార్చొద్దు. అవి బాగా లోతుగా ఉన్నాయి, ఒకసారి కూర్చోబెడితే మళ్ళీ లేపడం ఇద్దరి పని. పక్కనే ఒక మామూలు కుర్చీ వేయిస్తే తోడున్న మనిషి కూర్చోవచ్చు. క్రేను ఆ వైపు తిప్పొద్దని వీడియో వాళ్ళకి మీ అక్కే చెప్పాలి. స్పీకర్లు కుడి వైపు ఉన్నాయి, మేళం కూడా అటే కూర్చుంటుంది కాబట్టి చెవులకి కూడా ఎడమ వైపే నయం.

ఇక్కడొక మాట. గంపలో పెళ్ళికూతుర్ని తెచ్చేది మేనమామవి నువ్వే. ఆ అరగంట నువ్వు అమ్మ దగ్గర ఉండలేవు. ఆ సమయానికి నేను అమ్మ పక్కనే ఉంటాను. అక్షింతల సంగతి పురోహితుడుగారితో ముందే మాట్లాడు. తలంబ్రాలు అయ్యాక దంపతులు కిందికి దిగి అమ్మమ్మ ఆశీర్వాదం తీసుకోవడానికి ఐదు నిమిషాలు అడుగు. అప్పటికప్పుడు అడిగితే ఫొటోల వాళ్ళు వదలరు.

బాత్రూమ్ గురించి నువ్వు అడగలేదు, కానీ అమ్మ బయటికి వెళ్తే దాని కోసమే మంచినీళ్ళు తాగదని నాకు తెలుసు. రెండు అంతస్తుల్లోనూ అందరూ వాడే బాత్రూమ్‌లకి గుమ్మం దగ్గర మూడంగుళాల దిమ్మె, తలుపు ఇరవై నాలుగు అంగుళాలు. కుర్చీ వెళ్ళదు. పెళ్ళికూతురి గదిలో ఉన్నది మాత్రం తలుపు ముప్ఫై అంగుళాలు, దిమ్మె లేదు, కమోడ్ ఉంది, పక్కన పట్టుకోవడానికి గోడకి కడ్డీ కూడా ఉంది. ఊపి చూశాను, గట్టిగానే ఉంది. ఆ గది తాళం ఆ రాత్రి ఎవరి దగ్గర ఉంటుందో మీ అక్కని అడుగు. నగలున్నాయని తాళం వేసి, తాళం పట్టుకుని ఎవరో వేదిక మీద కూర్చుంటారు. అలా కాకుండా మీ చిన్నక్క దగ్గర ఉంచమను.

భోజనం ముహూర్తానికి ముందే, ఏడింటికి పెట్టించేద్దాం. మీరు వెనక గేటు నుంచి వచ్చేదే భోజనాల హాల్లోకి, కాబట్టి తినేసి పైకి వెళ్తే సరిపోతుంది. ముహూర్తం అవ్వగానే అందరూ ఒకేసారి లిఫ్టు దగ్గర మూగుతారు, ఆరుగురు పట్టే లిఫ్టులో మన కుర్చీకి చోటు దొరకదు. పంక్తిలో చివరి బల్ల నడవా పక్కన ఉంది, ఆ చివర కుర్చీ తీసేయమన్నాను. బల్ల కింద నేల నుంచి అంచుకి ఇరవై ఏడు అంగుళాలే ఉంది. వీల్‌చైర్ చేతులు అంతకన్నా ఎత్తుంటే బల్లకి తగిలి కుర్చీ దూరంగా ఆగిపోతుంది, ముద్ద ఒళ్ళో పడుతుంది. నేల నుంచి కుర్చీ చేతుల దాకా ఎంతుందో కొలిచి రేపు రాత్రిలోగా పంపు. ఎక్కువుంటే ఆ కాసేపు చేతులు ఊడదీద్దాం, లేదంటే విస్తరి పెట్టడానికి వేరే బల్ల చూస్తాను.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు. వచ్చేటప్పుడు చక్రాల్లో గాలి చూసుకుని బయల్దేరండి.

ఉంటాను మామా.