‘డిడ్ నాట్ సెంట్’: తొందర జవాబుల్లో తప్పే క్రియారూపం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఓర్వకల్లు రాక్ గార్డెన్ విహారయాత్రకు అనుమతి పత్రాలు పంపమని తరగతి వాట్సాప్ గ్రూపుల్లో కోరినప్పుడు, మీ ఫోన్ల నుంచి పిల్లలు ఇంగ్లిష్‌లో ఇచ్చిన జవాబుల్లో ఒకే రకం తప్పు పదేపదే కనిపించింది. ‘ఐ డిడ్ నాట్ సెంట్ ద ఫారం. ఇట్ విల్ బి డిస్కస్ విత్ మై ఫాదర్’ అన్నది అందుకు మంచి నమూనా. ఇవే వాక్యాలను పరీక్షలో ఆ పిల్లలే సరిగ్గా రాస్తున్నారు కనుక దీనిని వ్యాకరణం రాకపోవడంగా మేము భావించడం లేదు.

మొదటి వాక్యంలో జరిగిపోయిన కాలాన్ని ‘డిడ్’ ఇప్పటికే చెప్పేసింది కాబట్టి, దాని తర్వాత క్రియ మూలరూపంలో ‘సెండ్’ అనే ఉండాలి. మనం కూడా ‘పంపాను లేదు’ అనము కదా, ‘పంపలేదు’ అనే అంటాము. సాధారణంగా పిల్లలు ముందు ‘ఐ సెంట్’ అని టైపు చేసి, పంపలేదని గుర్తొచ్చాక మధ్యలో ‘డిడ్ నాట్’ చేర్చి, వెనుక మాటను మార్చడం మరిచిపోతారు. ‘సెంట్’ స్పెల్లింగ్ సరైనదే కనుక ఫోన్ దాని కింద ఎర్ర గీత గీయకపోవచ్చు.

రెండో వాక్యం కొంచెం చిక్కైనది. ‘విల్ బి’ రెండూ కలిసి భవిష్యత్తుకు గుర్తు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని ‘విల్’ ఒక్కటే చేస్తుంది. ‘బి’ వచ్చిందంటే తర్వాతి క్రియ రూపం మారాలి. చర్చకు వచ్చే విషయం ముందుంటే ‘ఇట్ విల్ బి డిస్కస్డ్’, చర్చించే మనిషి ముందుంటే ‘ఐ విల్ బి డిస్కసింగ్’ అవుతుంది. ‘డిస్కస్డ్ విత్’ అని వేగంగా పలికినప్పుడు ‘డిస్కస్డ్’ చివరి శబ్దం దాదాపు వినిపించదు. రాతలో అది జారిపోవడానికి ఇదీ ఒక కారణమే. నన్నడిగితే, ఇలాంటి చిన్న జవాబుకు ‘బి’ని పూర్తిగా తీసేసి ‘ఐ విల్ డిస్కస్ ఇట్ విత్ మై ఫాదర్’ అని రాయడమే మేలు.

అయితే ఈ నియమం నేర్చుకున్న ఉత్సాహంలో కొందరు ‘ద ఆఫీస్ విల్ బి ఓపెన్డ్ టిల్ ఫైవ్’ అని కూడా రాస్తున్నారు. అక్కడ ‘ఓపెన్’ తెరిచి ఉన్న స్థితిని తెలిపే విశేషణం, క్రియ కాదు. దానిని అలాగే ఉంచాలి.

ఇంట్లో మీరు ఇంగ్లిష్ బోధించాలని కోరడం లేదు. జవాబు పంపే ముందు అందులో ‘డిడ్’, ‘విల్ బి’ ఉన్నాయేమో వెతికి, వాటి తర్వాత వచ్చే క్రియను ఒకసారి బయటికి చదవమని మీ అబ్బాయికో అమ్మాయికో చెప్పండి. ‘విల్ బి’ ఉన్నచోట ‘ఆ పని చేసేది ఎవరు?’ అని తెలుగులోనే అడగండి. ఇకపై గ్రూపుల్లో ఇటువంటి తప్పు వచ్చినప్పుడు మా ఉపాధ్యాయులు అందరి ముందు దిద్దరు. మరుసటి రోజు తరగతిలో ఆ వాక్యాన్ని పేరు చెప్పకుండా బోర్డు మీద రాసి, పిల్లలతోనే సరిచేయిస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు,
కర్నూలు