మూడో అడుగు నుంచి

బుజ్జమ్మా,

నీ వీడియో కింద రెండు ముక్కలు రాసి ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టేసి పడుకుందామని కూర్చున్నాను. రాత్రి డ్యూటీ అయి వచ్చాను, కళ్ళు మండుతున్నాయి. "మా బుజ్జమ్మ మొదటి అడుగులు" అని కొట్టాను, చెరిపేశాను. ఎందుకంటే అది అబద్ధం. ఆ వీడియోలో ఉన్నది మర్నాడు నాయనమ్మ అరిసెల మీద నడిపించిన నడక. అసలు మొదటి అడుగు ఎవరూ చూడలేదు. ఇంట్లో నేనొక్కడినే నీ పక్కన ఉన్నాను, నేను కూడా చూడలేదు. అది నీకైనా చెబుదామని ఇదంతా రాస్తున్నాను.

నువ్వు ముప్పై నాలుగో వారంలోనే వచ్చేశావు, అంటే ఆరు వారాలు ముందు. అందుకని నీ విషయంలో ప్రతిదానికీ మాకు టెన్షనే. పక్క ఫ్లాట్ బాబు పదకొండో నెలలోనే గోడ వదిలేసి పరిగెత్తాడు. నువ్వు పధ్నాలుగు నిండినా దివాను అంచు పట్టుకుని పక్కపక్కకే, ఎండ్రకాయలాగా. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "ఇంకా నడవట్లేదా?" అనే. మీ అమ్మ ఏమీ అనేది కాదు కానీ రాత్రిళ్ళు ఫోన్లో ఏదో చదువుతూ కూర్చునేది.

అప్పుడే నేనొక తప్పు చేశాను. చక్రాల వాకర్ కొన్నాను. అందులో కూర్చోబెడితే నువ్వు హాలంతా రయ్యిమని తిరిగేదానివి, నేను హాయిగా కాఫీ తాగేవాణ్ణి. మూడో రోజు నేను కాఫీ గ్లాసు సింకులో పెట్టి వచ్చేలోపు ముందు చక్రం బాత్‌రూమ్ గడపకి తట్టుకుని బండి ముందుకి ఒరిగిపోయింది. కింది పెదవి చిట్లింది. రక్తం చూసి నువ్వు ఏడ్చినదానికంటే నేను వణికిందే ఎక్కువ.

పిల్లల డాక్టరమ్మ పెదవి చూసి, అది మానిపోతుందిలే అని, వాకర్ సంగతి ఎత్తింది. కెనడాలో 2004 నుంచి వీటిని అమ్మడమే నిషేధమట. దెబ్బలు ఒక్కటే కాదు, నడక కూడా వీటివల్ల ముందుకు రాదంది. బరువంతా ఆ గుడ్డ సీటు మీద వేలాడుతుంది, పిల్ల మునివేళ్ళతో నేలని తంతుంది అంతే. ఒరిగితే నిలదొక్కుకోవాల్సిన పనే ఉండదు, కింద తన పాదాలు తనకి కనిపించవు కూడా. నడకంటే కాళ్ళు ఆడించడం అనుకున్నాను నేను. పడబోయి ఆగడం అని ఆవిడ చెప్పాకే తెలిసింది.

తర్వాత నిన్ను రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని, బోర్లా గాల్లో ఉంచి, తల కిందికి వచ్చేట్టు బల్ల వైపు గభాల్న వంచింది. నా గుండె గొంతులోకొచ్చింది. నీ రెండు చేతులూ ఒకేసారి ముందుకొచ్చాయి, వేళ్ళు విచ్చుకుని. "చూశారా, పడేటప్పుడు ఆపుకోవడం వచ్చేసింది, రెండు చేతులూ సమానంగా వస్తున్నాయి" అంది. నీ మడమలు నేలకి ఆనుతున్నాయా, లేచేటప్పుడు రెండు కాళ్ళూ వాడుతున్నావా, కాళ్ళు కర్రల్లా బిగుసుకుంటున్నాయా, అన్నీ చూసింది. ముందు పుట్టిన ఆరు వారాలు తీసేసి లెక్కపెట్టమంది. అలా చూస్తే నీకు అప్పటికి పదమూడు నెలలే. పద్దెనిమిది నిండినా నడవకపోతే, ఒక పక్కే ఈడుస్తుంటే, ఎప్పుడూ మునివేళ్ళ మీదే నిలబడుతుంటే రమ్మంది. అప్పటిదాకా ఇంట్లో వట్టి కాళ్ళతో నేల మీద వదిలేయమంది. చలికని మేము వేసిన మేజోళ్ళే టైల్స్ మీద నిన్ను జారుస్తున్నాయని అప్పుడు గాని మాకు తట్టలేదు. వాకర్ ఎవరికైనా ఇచ్చేద్దామంది మీ అమ్మ. ఎవరి పిల్లకిస్తాం? చక్రాలు పీకేసి పాత ఇనుము అబ్బాయికి వేశాను.

ఇక ఆ రోజు సంగతి. నీకు పదిహేను నెలల పది రోజులు. పొద్దున్న ఏడు దాటింది. నేను డ్యూటీ నుంచి వచ్చి హాల్లో చాప మీద వాలాను. మీ అమ్మ స్నానానికి వెళ్ళింది, నాయనమ్మ కరివేపాకు కోసం కిందికి దిగింది. "ఐదు నిమిషాలు చూసుకోరా" అని ఇద్దరూ నాకే అప్పజెప్పారు. నువ్వు దివానుకి ఆనుకుని నిలబడి, ఒక చేత్తో స్టీలు మూత, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని టంగుటంగుమని వాయిస్తున్నావు. ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాను. చప్పుడు వస్తున్నంతసేపూ నువ్వు క్షేమమే అని నా లెక్క.

కాసేపటికి ఏదో తేడా తెలిసింది. చప్పుడు దగ్గరికి వస్తోంది.

కళ్ళు తెరిచాను. నువ్వు దివానుకి రెండడుగుల దూరంలో, ఏమీ పట్టుకోకుండా ఉన్నావు. రెండు చేతులూ భుజాల ఎత్తున, మూత ఒకటి గరిటె ఒకటి, కాళ్ళు ఇంత ఎడంగా, పొట్ట ముందుకి. పట్టుకోవడానికి నీకు మూడో చెయ్యి లేదు, గరిటె వదలబుద్ధి కాలేదు, అందుకని దివాను వదిలేసినట్టున్నావు. నేను పిలవలేదు. పిలిస్తే గుర్తొచ్చి కూర్చుండిపోతావని భయం. ఒకటి, రెండు, మూడు. పాదం మొత్తం ఒకేసారి టప్ టప్‌మని వేస్తున్నావు. నాలుగో దానికి నా చాప అంచు తగిలి నా పొట్ట మీద పడ్డావు, మూత నా ముక్కుకి తగిలింది. ఆ తర్వాత నవ్వింది నువ్వే, నేను ఏడ్చాను. నిద్రలేమి వల్ల అని మీ అమ్మకి చెప్పాను.

నాయనమ్మ పైకొచ్చి అడిగిన మొదటి మాట: "కుడికాలేనా ముందు?"

"కుడికాలే" అన్నాను.

ఆవిడ ఆ పూటే బియ్యం నానబోసింది. మర్నాడు పిండి దంచి బెల్లం పాకం పట్టింది. నీళ్ళలో వేస్తే ఉండ కట్టే దాకా ఆగాలి, మీ నాయనమ్మ కంగారులో ముందే దించేసింది, మొదటి వాయి నూనెలోనే విడిపోయింది. రెండో వాయి బాగా వచ్చింది. హాల్లో తెల్లగుడ్డ పరిచి ఐదు అరిసెలు వరసగా పెట్టింది. నువ్వు మొదటిదాని మీద కాలు పెట్టావు, రెండోదాని మీద కూలబడ్డావు, మూడోది తీసుకుని తినడం మొదలుపెట్టావు. వీడియోలో ఉన్నది అదీ.

ఈ నాలుగు రోజులుగా నువ్వు పడుతూనే ఉన్నావు. నడక నేర్చుకునే పిల్లలు ఆడుకునేటప్పుడు గంటకి సగటున పదిహేడు సార్లు పడతారని, రెండు వేల మూడు వందల పైచిలుకు అడుగులు వేస్తారని అమెరికాలో 2012లో వచ్చిన ఒక పరిశోధనలో ఉంది. మీ అమ్మ రాత్రిళ్ళు చదివేది ఇవేనట. నిన్న నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, పన్నెండో పాటుకి నాకు నిద్ర పట్టేసింది.

సరే, వీడియో కింద ఇలా రాశాను: "మా బుజ్జమ్మ అడుగులకి నాయనమ్మ అరిసెలు." గ్రూపులో మీ అత్త అప్పుడే అడిగింది, ఏ కాలు ముందు వేసిందని. కుడికాలే అని నాయనమ్మ నాకంటే ముందే జవాబిచ్చేసింది. నువ్వు పెద్దయ్యాక ఆవిడకి మాత్రం చెప్పకు.

మీ నాన్న