4.4 చూసి గది తీసుకున్నాం

సంపాదకులు గారికి,

ఈమధ్య చైత్ర పౌర్ణమికి ఒంటిమిట్ట కల్యాణం చూడాలని కర్నూలు నుంచి అమ్మను, అక్కవాళ్లను తీసుకుని వెళ్లాను. కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది కాబట్టి, పాతిక కిలోమీటర్ల దూరంలోని కడపలో రెండు గదులు ముందే తీసుకున్నాం. ఫోనులో ఆ హోటల్‌కు ఆరు వందల రివ్యూలు, 4.4 రేటింగు. అమ్మకు మోకాళ్ల నొప్పి. ఎవరో "లిఫ్టు ఉంది, గదులు శుభ్రం" అని రాసింది చూసి డబ్బు కట్టేశాను. తీరా వెళితే లిఫ్టు తలుపుకు అడ్డంగా పాత పరుపులు పేర్చి ఉన్నాయి. మాకిచ్చింది మూడో అంతస్తు. "ఎగువ అహోబిలం ఎక్కినట్టుందిరా" అంది అమ్మ, రెండో మలుపులో కూలబడి.

హోటల్ పేరు ఇక్కడ అనవసరం. ఇంటికొచ్చాక నేను చేసిన పని పాఠకులకు పనికొస్తుందని రాస్తున్నాను.

రివ్యూలను 'Newest' వరుసలో పెట్టి, గత ఏడాదిలో వచ్చినవి లెక్కపెట్టాను. 40 ఉన్నాయి. వాటి సగటు రెండున్నర! మరి పైన 4.4 ఎలా వచ్చింది? అంతకుముందు రాసిన 560 మంది తలా నాలుగున్నర వేశారనుకోండి, 2,520 అవుతుంది. ఈ 40 మందివి 100 కలిపి, 600తో భాగిస్తే 4.37. తెర మీద అది 4.4గానే కనిపిస్తుంది. ఏడాది పొడవునా జనం మొత్తుకున్నా పాత మంచిపేరు చెక్కుచెదరలేదు. ఇద్దరు మాత్రం "లీజు మారింది, మునుపటి వాళ్లు లేరు" అని రాశారు. నేను చదివిన "లిఫ్టు ఉంది" అన్న మాట 2018 నాటిది. ఆయన అబద్ధం చెప్పలేదు, అప్పుడు ఉండే ఉంటుంది.

ఆ 40లో కూడా తొమ్మిది ఫిబ్రవరిలో మూడే రోజుల్లో పడ్డాయి. అన్నీ ఐదు స్టార్లే, అన్నింట్లోనూ "సిబ్బంది మర్యాద, గదులు బాగు" తప్ప మరో ముక్క లేదు. ఒకాయన ఖాతా తెరిచి చూస్తే, అదే రోజు జైపూర్‌లో పళ్ల డాక్టరుకు, సూరత్‌లో ఫర్నిచర్ కొట్టుకు కూడా ఐదేసి స్టార్లు ఇచ్చి ఉన్నాడు. ఈ తొమ్మిదీ పక్కన పెడితే మిగిలిన 31 మంది సగటు రెండు కూడా రాదు. అలాగని ఒకే ఒక్క రివ్యూ రాసిన ప్రతి ఖాతా దొంగది కాదు. మన బంధువుల్లో చాలామంది ఒళ్లు మండినప్పుడు తప్ప రాయరు. గది ఖాళీ చేసేటప్పుడు కౌంటరు దగ్గరి అబ్బాయి ఫోను చూపించి, "నా పేరు రాసి ఐదు స్టార్లు ఇవ్వండి సార్" అని అడిగాడు. పాపం, అతని కష్టం అతనిది. కానీ పనివాళ్ల పేరు తప్ప గది ఊసే లేని పొగడ్త ఎక్కడ పుడుతుందో అప్పుడు అర్థమైంది.

మన అవసరం వేరు, రాసినవాళ్ల అవసరం వేరు. బస్సులో వెళ్లిన మాకు పార్కింగు గురించి పడిన ఒంటి స్టార్లతో పని లేదు. డిసెంబరులో దిగినవాళ్లు ఏసీని మెచ్చుకుంటే ఏప్రిల్ కడపకు అది ఎందుకూ కొరగాదు. రివ్యూల్లో మాట వెతికే వీలుంటుంది. నేను ముందే "లిఫ్ట్" అని వెతకాల్సింది. అదీ ఒక్కసారి కాదు. మనవాళ్లు తెలుగులో రాస్తారు, ఇంగ్లిషులో రాస్తారు, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగూ రాస్తారు. నాకు దొరకాల్సిన హెచ్చరిక "lift pani cheyadam ledu" అనే రూపంలో అక్కడే ఉంది. ఆ తర్వాత ఫోను చేసి "లిఫ్టు ఉందా?" అని కాక, "ఈరోజు నడుస్తోందా, కరెంటు పోతే జనరేటరు మీద నడుస్తుందా?" అని అడగాలి.

ఆన్‌లైన్ రివ్యూల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. రాసినవారు నిజమైనవారో కాదో సరిచూడాలని, డబ్బిచ్చి రాయించినవి వేయకూడదని అందులో ఉంది. అయితే దాన్ని ఐచ్ఛికంగానే తెచ్చారు. దానికి కోరలు కావాలి. దాంతోపాటు మొత్తం రేటింగు పక్కనే గత పన్నెండు నెలల సగటును, యాజమాన్యం మారితే ఆ తేదీని చూపించేలా ప్రభుత్వం పట్టుబట్టాలి.

నేను కూడా ఒక రివ్యూ రాశాను: ఏప్రిల్, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, వేడినీళ్లు బాగా వచ్చాయి, రెండు స్టార్లు. మర్నాడే హోటల్ నుంచి ఫోను, సగం డబ్బు తిరిగిస్తాం, అది తీసేయండని. తీయలేదు. లిఫ్టు బాగుచేయించాక చెబితే ఆ సంగతీ తేదీ వేసి రాస్తానన్నాను. ఇంతవరకు కబురు లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు