లూవ్ర్ కార్డులలో ‘ప్రకారం’ అన్న మాట గురించి మా ఖాతాదారులకు

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఒక విగ్రహం దగ్గరి ఫ్రెంచి చీటీకి మేము చేసిన తెలుగు అనువాద కార్డు చూసి ఒక పెద్దమనిషి ఇలా అడిగారు: “మీ తెలుగు కార్డులో ‘ప్రాక్సిటెలీస్ ప్రకారం’ అని ఉందండీ. ఇంతకీ ఆ విగ్రహం చెక్కింది ఆయనేనా, కాదా?”

కాదండీ. ఈ పొరపాటు పూర్తిగా మాది, అందుకు క్షమించమని కోరుతున్నాము.

ఆ విగ్రహం చెట్టు మొదలు మీద పాకుతున్న బల్లిని చంపబోతున్న కుర్ర అపోలోది. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు శిల్పి ప్రాక్సిటెలీస్ దానిని కంచుతో చేశాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. లూవ్ర్‌లో మనం చూసేది మాత్రం దానిని అనుసరించి రోమన్ల కాలంలో పాలరాతిలో చెక్కిన నకలు. ఇటువంటి విగ్రహాల చీటీలలో శిల్పి పేరుకు ముందు ఫ్రెంచివారు ‘దాప్రే’ అని రాస్తారు. మాటల్లోనూ వార్తల్లోనూ ఆ పదానికి ‘ప్రకారం’ అనే అర్థం. మ్యూజియం చీటీలో మాత్రం ‘ఫలానావారి కృతిని చూసి మరొకరు చేసినది’ అని అర్థం. మేము నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్ని తీసుకుని అక్కడితో ఆగిపోయాము. దానితో కాలం కూడా తప్పిపోయింది: మూలవిగ్రహపు శతాబ్దాన్ని మా కార్డు ఎదుట ఉన్న పాలరాతికి అంటగట్టింది. కంచుకూ పాలరాతికీ పొంతన కుదరకపోవడం చూసి ఆ పెద్దమనిషి అడిగారు కాబట్టి బయటపడింది.

కొత్త కార్డులో ఇలా ఉంటుంది: “పాలరాయి. రోమన్ కాలపు నకలు. మూలం: ప్రాక్సిటెలీస్ చేసిన కంచు విగ్రహం, క్రీ.పూ. 4వ శతాబ్దం.” రెండు కాలాలు ఉన్న చీటీలో ఏది దేనిదో విడివిడిగా చెప్పకుండా ఇకపై ఏ కార్డునూ అచ్చుకు పంపము.

చిత్రాల చీటీలలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పేరుకు ముందు ‘అట్రిబ్యుయే’ అని ఉంటే ఆ చిత్రం ఆయనదేనని పండితులు భావిస్తున్నారనీ, రుజువు కాలేదనీ అర్థం. ‘అతెలియే’ అని ఉంటే ఆయన పనిశాలలో, బహుశా శిష్యుల చేతి మీదుగా తయారైనదని అర్థం. మునుపు ఈ రెంటినీ మేము కేవలం పేరుతో సరిపెట్టాము, అది సరికాదు.

దారి చూపే బోర్డుల అనువాదంలో కూడా పొరపాట్లు దొర్లాయి. ‘సాంస్ ద లా విజిత్’ అంటే ‘సందర్శన అర్థం’ కాదు, చూస్తూ వెళ్లవలసిన దిశ. తలుపు దగ్గర ‘సోర్తీ దెఫినితీవ్’ అని ఉంటే అది మామూలు ‘బయటికి దారి’ కాదు, దాటితే అదే టిక్కెట్టుతో తిరిగి లోపలికి రానివ్వరు. మేము రెండో ముక్క వదిలేయడం వల్ల ఒక మ్యూజియంలో నలుగురు పెద్దలు మంచినీళ్ల కోసం బయటికి వెళ్లి, మిగిలిన గదులు చూడకుండానే బస్సు దగ్గర కూర్చోవలసి వచ్చింది.

శిల్పి లేదా చిత్రకారుని పేరు పక్కన ‘ప్రకారం’ అని అచ్చయిన కార్డులు మీ దగ్గర ఉంటే దయచేసి బృందాలకు ఇవ్వకండి. వాటి బదులు సవరించినవి ఖర్చు లేకుండా పంపుతాము. తదుపరి యాత్ర బయలుదేరే తేదీని మాకు తెలిపితే ఆలోపే మీకు చేరుస్తాము.