గేటు దాకా వచ్చిన పార్సిల్‌ను వెనక్కి పంపిన మీ సిస్టమ్ గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నేను ఆర్డర్ పెట్టింది మోటారు స్టార్టర్. అది మంచిదో కాదో నాకింకా తెలీదు, చేతికే రాలేదు. మూడు వారాల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. ఒక్కరు కూడా నా మాట చివరిదాకా వినలేదు. నా కోపమంతా దాని మీదే.

మా తోట ఆనందపురం మండలంలో ఉంది. ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు. సర్వే నంబరుంది కానీ దాంతో పార్సిల్ తెచ్చేవాడికి దారి దొరకదు. అందుకే మ్యాప్‌లో పిన్ పెట్టి, దాని ప్లస్ కోడ్ ఇచ్చాను: W96R+5Q ఆనందపురం. నేనేదో తోచినట్టు పెట్టిన పిన్ కాదది. ముందు ఇంటి మీద పెట్టి చూశాను. ఇంటి వెనక గెడ్డ గట్టు మీది బాట దగ్గర కాబట్టి మ్యాప్ బండిని అటే తీసుకెళ్లింది. అక్కడి నుంచి ఇల్లు కనిపిస్తుంది, గెడ్డ మాత్రం దాటలేరు. అందుకని గేటు దగ్గరికి నడిచి వెళ్లి, మామిడి చెట్ల నీడ నుంచి బయటికొచ్చి, ఫోన్‌లో నీలం చుక్క చుట్టూ ఉన్న వలయం బాగా చిన్నదయ్యేదాకా ఆగి, అప్పుడు పిన్ పెట్టాను. ఆ కోడ్ చూపించేది దాదాపు 14 మీటర్ల గడి. మా గేటు, దాని పక్కనున్న చింతచెట్టు రెండూ అందులోనే ఉన్నాయి.

మీ మొదటి ఏజెంట్ ల్యాండ్‌మార్క్ అడిగింది. రామాలయం అన్నాను. ఏ రామాలయం అంది. ఈ చుట్టుపక్కల ఊరికొకటి ఉంది కదమ్మా, అందుకే కోడ్ ఇచ్చాను అంటే, డోర్ నంబర్ లేకపోతే ఫారం ముందుకు పోదంది. రెండో అబ్బాయి కోడ్ తప్పన్నాడు. ఊరి పేరుతో పని లేకుండా పూర్తి కోడ్, 7M95W96R+5Q, అక్షరం అక్షరం చదివి చెప్పాను. ‘ప్లస్ పడట్లేదు సార్, స్పెషల్ క్యారెక్టర్ తీసుకోదు’ అని, ఆ గుర్తు తీసేసి సేవ్ చేశాడు. గుర్తు పోతే మ్యాప్‌కి అది కోడ్ అని తెలిసేదెలా అని అడుగుతుండగానే ఫోన్ హోల్డ్‌లో పెట్టాడు. పద్దెనిమిది నిమిషాలు పాట వినిపించి లైన్ కట్ చేశారు. మర్నాడు ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్. ఆ తర్వాత రెండుసార్లు ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని వచ్చింది. ఆ రెండు రోజులూ నేను గేటు దగ్గరే కూర్చున్నాను.

మూడోసారి వచ్చిన కుర్రాడు మంచివాడు. జంక్షన్ నుంచి నాకు ఫోన్ చేసి, ‘అన్నా, పిన్ ఇక్కడే చూపిస్తోంది’ అన్నాడు. అడ్రస్‌లో ఏముందో చదవమంటే 7M95W96R5Q అని చదివాడు. R తర్వాత ప్లస్ పెట్టి వెతకమన్నాను. పావుగంటలో చింతచెట్టు కింద బండి ఆపాడు. డబ్బా నా చేతికిచ్చాడు కూడా. ఓటీపీ చెప్పాను. అతని యాప్ తీసుకోలేదు. స్క్రీన్ నాకు చూపించాడు: ‘డెలివరీ స్థలానికి దూరంగా ఉన్నారు’. ఎందుకంటే ప్లస్ గుర్తు పోయాక మీ సిస్టమ్ దాన్ని మ్యాప్‌లో పోల్చుకోలేక, పిన్ను నాలుగు కిలోమీటర్ల దూరంలోని జంక్షన్‌కి మార్చేసింది. ఆ కుర్రాడు మీ హబ్‌కి ఫోన్ చేసి బతిమాలాడు. వెనక్కి తెచ్చేయమన్నారు. నా చేతిలోంచి డబ్బా తీసుకుంటున్నప్పుడు అతని ముఖం చూడలేకపోయాను. తప్పు అతనిది కాదు. అతని మీద ఫైన్ గానీ వేస్తే మాత్రం నేను ఊరుకోను.

ఏడేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. మా ఊళ్లో నలుగురికి మీ యాప్ ఎక్కించింది నేనే. ఇప్పుడు వాళ్లు నన్ను అడుగుతున్నారు, ఏమైంది నీ కంపెనీ అని. ఏం చెప్పమంటారు?

మీ ఫారంలో ప్లస్ గుర్తు పడేలా చెయ్యండి. నేను పెట్టిన పిన్‌ను నన్నడక్కుండా జరపొద్దు. నాతో పేరు చెప్పి మాట్లాడే మనిషి ఒకరు ఫోన్ చెయ్యాలి, రికార్డు గొంతు వద్దు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. నా మొదటి ఫిర్యాదుకి అందిందన్న మాట కూడా రాలేదు. ఈ ఉత్తరానికీ అంతే అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. జంక్షన్‌లో ఉన్న పిన్, గేటు దగ్గర ఉన్న కోడ్, రెండింటి స్క్రీన్‌షాట్లూ దాచి ఉంచాను.

స్టార్టర్ మళ్లీ పంపేటట్టయితే ముందు పిన్ సరిచేసి పంపండి. పొద్దున్న పదిలోపు అయితే చింతచెట్టు దగ్గర నేనుంటాను, తర్వాత మా తోట కాపలాదారు ఉంటాడు.

ఇట్లు,
మీ ఏడేళ్ల కస్టమర్,
ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా